హెల్మెట్టు, మాస్కు, నల్ల కళ్లద్దాలు, రాత్రి వెలుతురు: కెమెరా బొమ్మ చూసి పేరు చెప్పవచ్చునా?

కురిడీ కొట్టు (అంబాజీపేట దగ్గర)

సభ్యులందరికీ నమస్కారం. మాది కొబ్బరి వ్యాపారం. పోయిన వారం రాత్రి మా కొట్టు ఆవరణలోనుంచి ఎవరో రెండు బస్తాల కురిడీ కాయలు, ఒక ఎలక్ట్రానిక్ కాటా ఎత్తుకుపోయారు. గేటు పైనున్న కెమెరాలో ఒక మనిషి కనిపిస్తున్నాడు. తలకు హెల్మెట్టు ఉంది, ముక్కూ నోరూ కప్పుతూ మాస్కు ఉంది, కళ్ల దగ్గర మాత్రమే కొంచెం తెరిపి ఉంది. రికార్డరు గడియారం ప్రకారం అప్పుడు రాత్రి 2 గంటల 17 నిమిషాలు. బొమ్మ నలుపు తెలుపుల్లో ఉంది.

ఇది కాక రెండో బొమ్మ కూడా ఉంది. అదే రోజు సాయంత్రం మా ఎదురుగా ఉన్న కిళ్లీ కొట్టు కెమెరాలో ఒకతను మా గేటు వైపు చాలాసేపు చూస్తూ నిలబడి ఉన్నాడు. అతనికి హెల్మెట్టు లేదు కానీ నల్ల కళ్లద్దాలు, మాస్కు ఉన్నాయి. మా వీధిలో వాళ్లు రెండు బొమ్మలూ చూసి ఇద్దరూ ఒకరేనని, అతను రెండేళ్ల క్రితం మా దగ్గర వలుపు పని చేసి మానేసిన కుర్రవాడేనని చెబుతున్నారు. ఒకరు నడకను బట్టి, ఒకరు కళ్లను బట్టి, ఒకరు లేత రంగు చొక్కాను బట్టి అలా అంటున్నారు. ఊరి వాట్సాప్ గుంపులో ఆ కుర్రవాడి పేరు అప్పుడే తిరుగుతోంది. అతను మాత్రం తాను ఆ రాత్రి నరసాపురంలో అత్తవారింట్లో ఉన్నానని అంటున్నాడు.

ఫిర్యాదులో ఆ పేరు రాయమని అందరూ అంటున్నారు. నాకు చెయ్యి ఆడటం లేదు. ఇలాంటి బొమ్మలు చూసి ఒక మనిషి పేరు చెప్పడానికి నిజంగా ఎంతవరకు వీలుంటుందో తెలిసినవారు చెప్పగలరు.

చేపల చెరువు (భీమవరం)

కళ్లు కనిపిస్తే చాలునండి. మా రొయ్యల షెడ్డులో ఆడవాళ్లందరూ తలకు టోపీ, మూతికి మాస్కు పెట్టుకునే పనిచేస్తారు. నేను ఎవరినీ పొరబడకుండా పేరు పెట్టి పిలుస్తాను. కరోనా కాలంలో మనమందరం మాస్కుల మీదే ఒకరినొకరం గుర్తుపట్టుకోలేదా? మీ వీధివాళ్లకు ఆ కుర్రవాడు తెలిసినవాడే కాబట్టి వాళ్ల మాటను అంత తేలికగా తీసిపారేయకండి. అంతగా అనుమానం ఉంటే ఈ రోజుల్లో ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, వాటిలో పెట్టి చూడవచ్చు.

యానాం పంటు

ఈ మధ్య మా ఇంటి దగ్గర కూడా రెండు సైకిళ్లు పోయాయి. రాత్రిపూట రంగుల్లో చూపించే కెమెరాలు వచ్చాయట, అవి పెట్టించడం మంచిదా, లేక గేటు దగ్గర పెద్ద లైటు వేయించుకుంటే చాలునా? ధర ఎంత ఉంటుందో కూడా ఎవరైనా చెప్పండి.

పాలకొల్లు వైర్‌మ్యాన్

యానాం పంటు గారూ, ధరల సంగతి వేరే చర్చలో మాట్లాడుకుందాం, ఇక్కడ ఒక మనిషి పరువు ప్రశ్నగా ఉంది.

కురిడీ కొట్టు గారూ, నేను కెమెరాలు బిగించే పని చేస్తాను. మూడు విషయాలు చెప్పండి. గేటు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లది, లెన్సు ఎన్ని మిల్లీమీటర్లది, ఆ మనిషి కెమెరాకు ఎంత దూరంలో ఉన్నాడు? మీరు చూస్తున్న బొమ్మ రికార్డరులోనుంచి తీసినదా, లేక టీవీ తెర మీద కనిపిస్తుండగా ఫోనుతో తీసినదా? ఇవి తెలియకుండా మనం మాట్లాడేదంతా గాలిలో మాటే అవుతుంది.

కురిడీ కొట్టు

కెమెరా 2 మెగాపిక్సెళ్లది. పెట్టె మీద 2.8 అని ఉంది. గేటు దగ్గరకు టేపుతో కొలిస్తే 8 మీటర్లు వచ్చింది. మా అబ్బాయి తెర మీద కనిపించే బొమ్మను ఫోనుతో తీసి, ముఖం వరకు పెద్దది చేసి గుంపులో పెట్టాడు. వీధిలో అందరూ చూసినది అదే.

పాలకొల్లు వైర్‌మ్యాన్

అయితే లెక్క చాలా సులువు. 2.8 లెన్సు బాగా వెడల్పుగా చూస్తుంది. 8 మీటర్ల దూరంలో దాదాపు 20 మీటర్ల వెడల్పు మేర బొమ్మలో పడుతుంది. 2 మెగాపిక్సెళ్ల బొమ్మకు అడ్డంగా 1920 చుక్కలు ఉంటాయి. వాటిని 20 మీటర్లకు పంచితే మీటరుకు 96 చుక్కలు, అంటే ఒక్కో చుక్కకు సుమారు ఒక సెంటీమీటరు. మనిషి ముఖం వెడల్పు 15, 16 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ముఖం మొత్తానికి దక్కినవి అడ్డంగా 15 చుక్కలు.

మా పనిలో ఒక ప్రమాణం ఉంది. ముందు నుంచి తెలిసిన మనిషిని గుర్తుపట్టాలంటే మీటరుకు 125 చుక్కలు, ముక్కూ మొహమూ తెలియని మనిషిని సందేహం లేకుండా ఫలానా అని తేల్చాలంటే 250 చుక్కలు కావాలని అందులో ఉంటుంది. అది కూడా మంచి వెలుతురులో, ముఖానికి ఏ అడ్డూ లేనప్పటి మాట. మీ గేటు దగ్గర మొదటి మెట్టుకే చాలలేదు. మనిషి వచ్చాడు, ఇటు పోయాడు, చేతిలో బస్తా ఉంది అనేంత వరకు మీ కెమెరా బాగానే చెబుతుంది. పేరు చెప్పడానికి దాన్ని బిగించలేదు.

ఇప్పుడు అడ్డులను లెక్కలోకి తీసుకోండి. హెల్మెట్టు నుదురును, జుట్టును, చెవులను, దవడను తీసేసింది. మాస్కు ముక్కునూ నోటినీ తీసేసింది. మిగిలినది కళ్ల దగ్గర ఒక పట్టీ. దాని ఎత్తు 4 సెంటీమీటర్లు అనుకుంటే 15 చుక్కలు అడ్డం, 4 చుక్కలు నిలువు, మొత్తం 60 చుక్కలు. కనురెప్ప ఎత్తంతా ఒక్క చుక్కలో ఇమిడిపోతుంది. మీ అబ్బాయి ఫోనులో పెద్దది చేసినప్పుడు కనిపించిన కనుబొమల వంపు కెమెరా చూసినది కాదు. ఆ 60 చుక్కల మధ్య ఖాళీలను ఫోను నున్నగా పూడ్చినప్పుడు పుట్టిన వంపు అది. పైగా రాత్రి మా కెమెరాల షట్టరు వెలుతురు కోసం చాలాసేపు తెరుచుకుని ఉంటుంది. సెకనులో 25వ వంతు అనుకోండి. మామూలుగా నడిచే మనిషి ఆపాటి సమయంలోనే 5 సెంటీమీటర్లు ముందుకు జరుగుతాడు. అంటే ఆ కళ్లు ఉన్న చోటు నుంచి 5 చుక్కల మేర అలుక్కుపోతాయి. ముఖం వెడల్పులో అది మూడో వంతు.

చేపల చెరువు

లెక్క నాకూ అర్థమైంది. కానీ నా అనుభవం అబద్ధం కాదు కదండి. మా షెడ్డులో మాస్కు మీద నేను గుర్తుపడుతున్నాను. మరి అది ఎలా సాధ్యమవుతోంది?

పాత నెగెటివ్ (కాకినాడ)

చేపల చెరువు గారి అనుభవం నిజమే, అందులో ఒక సగం మాత్రమే ఈ విషయానికి పనికివస్తుంది. నేను ముప్పై ఏళ్లు ఛాయాచిత్రాలను పరిశీలించే ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నాను, కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మీ షెడ్డులో మీరు ఒక మనిషిని కళ్లను బట్టి మాత్రమే గుర్తుపట్టడం లేదు. ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చుంటారో మీకు ముందే తెలుసు. ఆమె మీ ఎదుట కదులుతుంది, తల తిప్పుతుంది, మాట్లాడుతుంది. ఆ షెడ్డులో ఉండగలిగినవారు వంద మందో నూట యాభై మందో మాత్రమే, వారందరూ మీకు తెలిసినవారే. ఒకవేళ పొరబడినా ఆమె మాస్కు దించి నవ్వుతుంది, మీరు దిద్దుకుంటారు, ఆ పొరపాటు మీకు గుర్తు కూడా ఉండదు. కెమెరా బొమ్మలో ఈ సాయాలలో ఏ ఒక్కటీ లేదు. అన్నిటికంటే ముఖ్యమైన తేడా ఏమిటంటే, బొమ్మలోని మనిషి మీకు తెలిసినవాళ్లలో ఒకడే అయి ఉండాలన్న నియమం అక్కడ లేదు. అతను ఏ లంక గ్రామం నుంచో ఏలూరు నుంచో వచ్చినవాడు కావచ్చు. మన బుర్ర మాత్రం తనకు తెలిసిన ముఖాలలోనుంచే ఒకదాన్ని తెచ్చి ఆ ఖాళీలో పెడుతుంది.

తెలిసిన ముఖానికీ తెలియని ముఖానికీ ఉన్న తేడా మీద 1999లో గ్లాస్గోలో ఒక పరీక్ష చేశారు. విశ్వవిద్యాలయంలో నాసిరకపు నిఘా కెమెరాకు చిక్కిన అధ్యాపకుల దృశ్యాలను మూడు రకాల వారికి చూపించారు. ఆ అధ్యాపకుల దగ్గర చదువుకున్న విద్యార్థులు చాలా బాగా గుర్తుపట్టారు. వారిని ఎరగని విద్యార్థులూ, అనుభవం ఉన్న పోలీసు అధికారులూ మాత్రం దాదాపు సమానంగా తడబడ్డారు. ఇంతవరకు చేపల చెరువు గారి మాటకు బలమే. అయితే ఆ తరువాత వారు అవే దృశ్యాలలో ఒకసారి ముఖాన్ని, ఒకసారి శరీరాన్ని కప్పి, ఒకసారి నడక కనిపించకుండా చేసి చూపించారు. శరీరం, నడక కనిపించకపోయినా తెలిసినవారు కొంచెమే తడబడ్డారు. ముఖం కప్పగానే గుర్తుపట్టడం ఒక్కసారిగా పడిపోయింది. అంటే తెలిసినవారు కూడా గుర్తుపట్టినది ముఖాన్ని చూసే కానీ, మనం అనుకున్నట్టు నడకను చూసి కాదు. కురిడీ కొట్టు గారి వీధిలో నడకను బట్టి పేరు చెప్పిన పెద్దమనిషి అబద్ధమాడుతున్నారని నేను అనను. ముందు పేరు తట్టి, ఆ తరువాత నడక అలా కనిపించి ఉంటుంది.

ఇక రెండు బొమ్మలూ ఒకరివేనన్న మాట దగ్గరకు వద్దాం. ఈ చర్చలో నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించినది అదే. ఒక కాగితం తీసుకుని రెండు నిలువు గళ్లు గీయండి. సాయంత్రం బొమ్మలో నుదురు, జుట్టు, చెవులు కనిపిస్తున్నాయి, కళ్లూ ముక్కూ నోరూ కనిపించడం లేదు. రాత్రి బొమ్మలో కళ్ల పట్టీ మాత్రమే కనిపిస్తోంది, నుదురూ జుట్టూ చెవులూ కనిపించడం లేదు. ఇప్పుడు రెండు గళ్లలోనూ ఉన్న ముఖభాగం ఏదో వెతకండి. ఒక్కటి కూడా లేదు. రెండు బొమ్మలకూ ఉమ్మడిగా కనిపించే భాగం లేనప్పుడు వాటిని పోల్చడం అనే పనే జరగదు. అయినా చూసినవారందరికీ ఒకే మనిషిలా అనిపించింది. ఎందుకంటే రెండింటిలోనూ లోపించినదాన్ని వారు ఒకే ముఖంతో, పేరు చెప్పిన తరువాత గుర్తుకు వచ్చిన ముఖంతో, నింపుకున్నారు.

అల్లిక పని (నరసాపురం)

పాత నెగెటివ్ గారు రాసిన చివరి పేరా చదివి నేను చాలాసేపు అలాగే ఉండిపోయాను. నాకు మా పెద్ద తోడికోడలి విషయం గుర్తుకువచ్చింది. ఒక నగల కొట్టులో మాస్కు పెట్టుకున్న ఒకామె ఉంగరం మార్చేసిందని, బొమ్మ చూసి మా తోడికోడలి పేరు ఎవరో అన్నారు. పక్షం రోజుల తరువాత అసలామె వేరే ఊళ్లో దొరికింది. అప్పటికి మా వాళ్లు పెళ్లిళ్లకు వెళ్లడం మానేశారు. పేరు అన్నవారు ఎవరూ వచ్చి పొరబడ్డామని చెప్పలేదు. కురిడీ కొట్టు గారూ, ఫిర్యాదులో రాయడం తరువాతి మాట, ముందు ఆ గుంపులోనుంచి ఆ పేరు తీయించండి.

ఇంకొక చిన్న సందేహం. చొక్కా సంగతి ఎవరూ మాట్లాడలేదు. లేత రంగు చొక్కా అని ఒకరు అన్నారు కదా, బట్టలు అయినా నమ్మదగినవేనా?

పాలకొల్లు వైర్‌మ్యాన్

అమ్మా, రాత్రి కెమెరాలో బట్టల రంగును నేను అసలు నమ్మను. చీకటి పడగానే కెమెరా లోపల ఒక గాజు పలక పక్కకు జరుగుతుంది, చుట్టూ ఉన్న చిన్న దీపాలు మన కంటికి కనిపించని పరారుణ కాంతిని వెదజల్లుతాయి. మనం చూసే నలుపు తెలుపు బొమ్మ ఆ కాంతిలో తీసినది. పగలు నల్లగా కనిపించే అద్దకాలు చాలా వాటికి ఆ కాంతిని పీల్చుకునే గుణం ఉండదు. అందువల్ల నల్ల చొక్కా తెల్లగా కనిపించవచ్చు. కొన్ని నల్ల కళ్లద్దాలు, రంగు వేసిన కొన్ని హెల్మెట్టు అద్దాలు ఆ కాంతిలో పారదర్శకంగా మారిపోతాయి, కొన్ని మారవు. చర్మం మీద మచ్చలు, ఛాయలో తేడాలు కూడా చాలావరకు చెరిగిపోయి ముఖం మైనపు బొమ్మలా నున్నగా వస్తుంది. కెమెరాకు దగ్గరగా వస్తే ముఖమంతా సున్నం పూసినట్టు తెల్లగా పేలిపోతుంది.

కురిడీ కొట్టు గారూ, నా మాట నమ్మనక్కరలేదు. ఈ రాత్రి మీ ఇంట్లో ఉన్న చొక్కాలు నాలుగైదు అదే గేటుకు తగిలించి, రికార్డరులో చూడండి.

పాత నెగెటివ్

చొక్కాలతో పాటు మనుషులను కూడా నిలబెట్టండి. మేము ఉద్యోగంలో ఉన్నప్పుడు ఏ బొమ్మ మీదైనా అనుమానం వస్తే మొదట చేసేది అదే. అదే చోట, అదే వేళకు, అదే కెమెరాతో, అలాంటి హెల్మెట్టూ మాస్కూ పెట్టిన తెలిసిన మనుషులను నడిపించి చూడాలి. సుమారు ఒకే ఒడ్డూ పొడుగూ ఉన్న ఐదుగురిని పిలవండి. ఆ కుర్రవాడిని మాత్రం పిలవకండి. తరువాత ఆ ఐదు దృశ్యాలను, ఎవరు ఎవరో చూపించేవారికి కూడా తెలియకుండా కలిపి, ముందు పేరు చెప్పినవారికి చూపించి వీరెవరో చెప్పమనండి. తెలియదు అని చెప్పవచ్చునని కూడా ముందే చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే ప్రతివారూ ఏదో ఒక పేరు చెప్పడమే తమ బాధ్యత అనుకుంటారు.

చేపల చెరువు

ఇంత శ్రమ ఎందుకండి, సాఫ్ట్‌వేరు మాట నేను ముందే అన్నాను. దానికి ఊరి వైరాలు ఉండవు కదా.

పాత నెగెటివ్

వైరాలు ఉండవు, నిజమే. కానీ దానికి కూడా కనిపించే భాగమే కావాలి. 2020 జులైలో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 89 సాఫ్ట్‌వేర్లను మాస్కుల మీద పరీక్షించి నివేదిక ఇచ్చింది. అవి శుభ్రమైన ఫొటోలు, వాటి మీద కంప్యూటరుతో మాస్కు బొమ్మ గీశారు. మాస్కు లేనప్పుడు వెయ్యి సార్లలో సుమారు మూడు సార్లు మాత్రమే మనిషిని పోల్చుకోలేకపోయే మేలైన సాఫ్ట్‌వేర్లు, మాస్కు గీయగానే వందలో ఐదు సార్లు విఫలమయ్యాయి. మామూలుగా బాగా పనిచేసే మరికొన్ని వందలో ఇరవై నుంచి యాభై సార్లు తప్పాయి. అక్కడ కళ్ల దగ్గర కావలసినన్ని చుక్కలున్నాయి. ఇక్కడ ఉన్నవి అరవై.

ఇంకొక ప్రమాదం ఏమిటంటే, వెతకమని చెప్పినప్పుడు యంత్రం దగ్గర పోలికల జాబితా సాధారణంగా ఖాళీగా ఉండదు. అడిగినదానికి దగ్గరగా ఉన్న ముఖాలను వరుసగా ఇస్తుంది. డెట్రాయిట్‌లో 2018లో ఒక దుకాణంలో ఐదు చేతి గడియారాలు పోయాయి. మసక వెలుతురులో, టోపీ పెట్టుకున్న మనిషి బొమ్మను యంత్రంలో పెడితే రాబర్ట్ విలియమ్స్ అనే ఆయన పాత డ్రైవింగు లైసెన్సు ఫొటో వచ్చింది. ఆ తరువాత ఆరు ఫొటోలు వరుసగా పెట్టి ఒకరిని ఎంచుకోమన్నారు. ఎంచుకున్నామె దొంగతనాన్ని కళ్లారా చూసినామె కాదు, ఆ వీడియోనే చూసినామె. 2020 జనవరిలో ఆయనను భార్యాబిడ్డల ఎదుట పట్టుకుని ముప్పై గంటల వరకు ఉంచారు. ఆయన కాదని తరువాత తేలింది. ఆ కేసులో నేను గమనించినది ఏమిటంటే, యంత్రం ఒక తప్పు చేస్తే దాన్ని దిద్దవలసిన మనిషి కూడా అదే మసక బొమ్మను చూసి అదే తప్పుకు ముద్ర వేశారు. రెండు సాక్ష్యాలుగా కనిపించినవి నిజానికి ఒకే బొమ్మకు రెండు నీడలు.

అమలాపురం గుమాస్తా

న్యాయవాది దగ్గర గుమాస్తాగా పనిచేస్తున్నాను. సలహా అనుకోకండి, రోజూ చూసేది చెబుతున్నాను. ఫిర్యాదులో తెలియని వ్యక్తి అని రాయడానికి ఏ అడ్డూ లేదు. అనుమానం ఉంటే అనుమానమని, దానికి ఆధారం ఏమిటో విడిగా రాయవచ్చు. కానీ బొమ్మలో ఫలానావాడు కనిపిస్తున్నాడు అని రాస్తే, ఆ మాట మీరు రేపు బోనులో నిలబడి చెప్పాలి.

అంతకంటే ముందు చేయవలసినది ఒకటి ఉంది. ఫోనుతో తెర మీద తీసిన బొమ్మ చాలదు. రికార్డరులోని అసలు ఫైలు కావాలి, దానికి 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను ప్రకారం ధ్రువపత్రం కావాలి. రికార్డరు నిండగానే పాతది చెరిపి కొత్తది రాసుకుంటుంది. మీది ఎన్ని రోజులు నిలుపుకుంటుందో చూసుకోండి. ఆలస్యమైతే ఈ చర్చంతా అయ్యేసరికి ఆ రాత్రే మిగలదు.

కురిడీ కొట్టు

మూడు రోజుల తరువాత రాస్తున్నాను, క్షమించాలి.

గుమాస్తా గారు చెప్పిన వెంటనే చూస్తే మా రికార్డరు పదిహేను రోజులు నిలుపుకుంటోంది. అసలు ఫైలును పెన్‌డ్రైవులోకి తీయించాను. అప్పుడే ఇంకొక సంగతి బయటపడింది. రికార్డరు గడియారం నా ఫోను కంటే 23 నిమిషాలు ముందుంది. అంటే ఆ మనిషి వచ్చినది 2 గంటల 17 నిమిషాలకు కాదు, 1 గంట 54 నిమిషాలకు.

చొక్కాలు తగిలించాను. నా నల్ల పాలిస్టరు చొక్కా ఇంచుమించు తెల్లగా కనిపించింది. మా అబ్బాయి ముదురు నీలం చొక్కా లేత బూడిద రంగులో పడింది. పక్కనున్న తెల్ల చొక్కాకూ నా నల్ల చొక్కాకూ తేడా చెప్పలేకపోయాం. లేత రంగు చొక్కా అన్న ఆధారం అక్కడితో పోయింది.

తరువాత పాత నెగెటివ్ గారు చెప్పినట్టే మా అబ్బాయిని, అతని స్నేహితులు నలుగురిని అర్ధరాత్రి దాటాక గేటు దగ్గర నడిపించాను. మా బావమరిది ఆ దృశ్యాలను కలిపి, ఎవరిది ఏదో నాకు కూడా చెప్పకుండా చూపించాడు. ఆ కుర్రవాడి పేరు మొదట చెప్పిన ఇద్దరినీ పిలిచాము. ఒకరు మూడో దృశ్యం చూసి మళ్లీ అతని పేరే చెప్పారు. రెండోవారు నాలుగో దృశ్యం చూసి అతని పేరు చెప్పారు. అతను ఆ ఐదుగురిలో లేనే లేడు. నా భార్య మా అబ్బాయి అని వేలు పెట్టి చూపించినది వాడి స్నేహితుణ్ణి. కన్నతల్లి కంటే బాగా తెలిసినవారు ఎవరుంటారండి? ఆమె ఆ రాత్రి చాలాసేపు నిద్రపోలేదు.

ఆ ఇద్దరూ గుంపులోనుంచి తమ మాటలను తీసేశారు. ఒకరు ఆ కుర్రవాడి ఇంటికి వెళ్లి చెప్పి వచ్చారు కూడా.

అల్లిక పని

వెళ్లి చెప్పినవారికి నా నమస్కారాలు తెలపండి.

చేపల చెరువు

నేను నా షెడ్డులోనే ఒక ప్రయత్నం చేశానండి. కెమెరా దృశ్యాన్ని ఆపి, ఎవరెవరో కాగితం మీద రాసి, తరువాత వెళ్లి సరిచూసుకున్నాను. దగ్గరగా ఉన్నవారిని సరిగానే చెప్పాను. దూరపు బల్లల దగ్గర ముగ్గురిని తప్పు రాశాను. వారిలో ఇద్దరు ఆ రోజు చోట్లు మార్చుకున్నారట. నేను మనిషిని కాదు, బల్లను గుర్తుపడుతున్నానని అర్థమైంది. అయినా దగ్గరి బొమ్మలో కళ్లకు విలువ ఉంటుందనే నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

పాత నెగెటివ్

దగ్గరి బొమ్మలో, మంచి వెలుతురులో ఉంటుంది, అందులో మనకు తగువు లేదు.

కురిడీ కొట్టు గారి పరీక్ష గురించి ఒక హెచ్చరిక చేయాలి. దానివల్ల ఆ కుర్రవాడు నిర్దోషి అని తేలలేదు. ఆ బొమ్మకు పేరు మోసే బలం లేదని మాత్రమే తేలింది. అతను ఎక్కడ ఉన్నాడన్నది నరసాపురంలో అడిగి తెలుసుకోవలసిన విషయం, 1 గంట 54 నిమిషాలకు అని అడగాలి.

అయితే సాయంత్రం బొమ్మను పక్కన పెట్టేయకండి. కిళ్లీ కొట్టు కెమెరా ఎంత దూరంలో ఉంది? అందులో చెవి స్పష్టంగా ఉంటే, తమ్మె చెంపకు అతుక్కుని ఉందా, విడిగా వేలాడుతోందా చూడండి. పోలికలు కుదిరినంత మాత్రాన ఇతనే అనలేము, ఎందుకంటే అలాంటి చెవులు ఊళ్లో ఎందరికో ఉంటాయి. స్పష్టంగా తేడా ఉంటే మాత్రం ఇతను కాదు అని చెప్పడానికి పనికివస్తుంది. మసక బొమ్మలు కలపడానికి కంటే విడదీయడానికే కాస్త ఎక్కువ పనికివస్తాయి. నీడ వల్ల వచ్చిన తేడానా, నిజమైన తేడానా అన్నది అప్పుడు కూడా చూసుకోవాలి.

అమలాపురం గుమాస్తా

అక్కడ నాకొక అభ్యంతరం ఉంది. సాయంత్రం నిలబడినవాడు ఆ కుర్రవాడు కాదని చెవి వల్ల తేలిందే అనుకోండి. రాత్రి వచ్చినవాడు సాయంత్రం నిలబడినవాడే అని మనకు తెలియదని మీరే అన్నారు. అప్పుడు రాత్రి విషయంలో ఆ కుర్రవాడికి దానివల్ల కలిసివచ్చేది ఏమిటి?

పాత నెగెటివ్

మీ ప్రశ్న సరైనదే. రాత్రి బొమ్మ విషయంలో ఏమీ కలిసిరాదు. సాయంత్రం అక్కడ నిలబడ్డాడన్న అనుమానం ఒక్కటి తొలగుతుంది.

పాలకొల్లు వైర్‌మ్యాన్

నేను అసలు ఫైలులో చూడమనేది హెల్మెట్టు వెనుక భాగం. ఆ మనిషి తిరిగి వెళ్లేటప్పుడు వెనుక వెలుగు చిమ్మే పట్టీ ఏదైనా కనిపిస్తోందా? అలాంటి పట్టీలు పరారుణ కాంతికి బాగా మెరుస్తాయి, కాబట్టి వాటి ఆకారం ముఖం కంటే స్పష్టంగా పడుతుంది. ముఖం కోసం తెరను పెద్దది చేసుకుంటూ కూర్చున్నప్పుడు ఇలాంటివి ఎవరి కంటా పడవు.

కురిడీ కొట్టు

ఇప్పుడే చూశాను. వెనుక ఎడమ వైపు ఏదో విరిగిన త్రిభుజంలా ఒక మెరుపు ఉంది. వరుసగా తొమ్మిది ఫ్రేములలో అదే చోట కనిపిస్తోంది. ఆ కుర్రవాడి హెల్మెట్టు మీద అలాంటిది ఉందో లేదో నేను వెళ్లి చూడను, అది పోలీసువారు చూసుకోవలసిన పని.

కిళ్లీ కొట్టు కెమెరాలో ఆ మనిషి వెనుక ఆకాశం తెల్లగా ఉండి, పందిరి కింద తల నల్లటి ముద్దలా పడింది. చెవి ఉందని తెలుస్తోంది కానీ తమ్మె ఎలా ఉందో తెలియడం లేదు.

ఫిర్యాదు ఈ ఉదయం ఇచ్చాను. తెలియని వ్యక్తి, హెల్మెట్టు వెనుక ఎడమ వైపు మెరిసే గుర్తు, సరిచేసిన సమయం 1 గంట 54 నిమిషాలు అని రాశాను. పెన్‌డ్రైవు జతచేశాను. సాయంత్రపు బొమ్మను కూడా ఇవ్వాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. ఇస్తే రెండూ ఒకే కాగితం మీద పక్కపక్కన పడతాయి కదా.

అమలాపురం గుమాస్తా

ఇవ్వండి, కానీ విడి కాగితం మీద, విడి సమయంతో, రాత్రి వ్యక్తితో సంబంధం ఉన్నట్టు తెలియదు అన్న వాక్యం చేర్చి ఇవ్వండి.

పాత నెగెటివ్

నేనైతే అడిగేవరకు ఇవ్వను. ఆ వాక్యం ఎవరూ చదవరు, బొమ్మలు రెండూ అందరూ చూస్తారు.